యూటీసీ టైమ్‌కి ఐదున్నర గంటలు కలిపితే షీట్‌లో తేదీలు ఎందుకు తప్పుతున్నాయి?

ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో పెట్టే టెంపరేచర్ లాగర్లలో కొన్ని టైమ్‌ని యూటీసీలోనే రాస్తాయి. ఫైల్ తెరిస్తే A2లో `2025-03-14T19:10:00Z` అని ఉందనుకోండి. మన టైమ్‌లో అది మార్చి 15, రాత్రి 12:40. మీ షీట్‌లో ఇంకేదైనా వస్తుంటే, తప్పు ఎలా కనబడుతోందో దాన్ని బట్టి కింద కారణం చూడండి.

`=A2+5.5/24` అని రాస్తే #VALUE! వస్తోంది. ఆ T, Z అక్షరాల వల్ల షీట్ దాన్ని తేదీగా కాకుండా మామూలు టెక్స్ట్‌గా చూస్తోంది. `=ISNUMBER(A2)` కొడితే FALSE వస్తుంది. అప్పుడు B2లో ఇలా రాయండి:

```
=DATEVALUE(LEFT(A2,10))+TIMEVALUE(MID(A2,12,8))+5.5/24
```

45731.03 లాంటి అంకె కనబడితే కంగారు పడకండి, లెక్క సరిగ్గానే ఉంది, సెల్ ఫార్మాట్‌ని తేదీ-టైమ్‌కి మారిస్తే చాలు.

మార్చి 20, ఉదయం 7:10 చూపిస్తోంది. 24తో భాగించకుండా నేరుగా 5.5 కలిపారు. షీట్‌కి 1 అంటే ఒక రోజు, కాబట్టి ఐదున్నర రోజులు ముందుకెళ్లింది.

ప్రతి వరుసా 12 నిమిషాలు తక్కువ. ఇది పట్టుకోవడం కష్టం, ఎందుకంటే చూడ్డానికి అన్నీ బాగానే ఉంటాయి. ఎవరో `5.3/24` అని రాసుంటారు. 5.3 గంటలంటే 5 గంటల 18 నిమిషాలే, ముప్పై నిమిషాలంటే అర గంట కాబట్టి 5.5 అనే రాయాలి.

టైమ్ కరెక్టే, రోజువారీ రిపోర్ట్ మాత్రం తప్పు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. 15న రాత్రి 12:40కి కరెంటు పోయి గది వేడెక్కితే ఆ ఎక్కువ రీడింగ్ 14వ తేదీ లెక్కలో పడుతుంది. కారణం ఏంటంటే, రిపోర్ట్ కోసం తేదీని వేరుచేసిన కాలమ్ ఇంకా A2 నుంచే తీసుకుంటోంది, అంటే కలపకముందు తేదీ. యూటీసీలో 18:30 అయిందంటే మనకు అర్ధరాత్రి, కొత్త రోజు మొదలైనట్టే, కాబట్టి మన రాత్రి 12 నుంచి తెల్లారి 5:30 దాకా ఉన్న ప్రతి వరుసా ముందు రోజులోకి పోతుంది. ముందు కలపాలి, తర్వాతే తేదీ తీయాలి:

```
=INT(B2)
```

సరైందో కాదో చూడాలంటే A కాలమ్‌లో 18:29, 18:30 దగ్గరున్న రెండు వరుసలు వెతకండి, INT పెట్టిన కాలమ్‌లో వాటి మధ్య తేదీ మారాలి. ఇంకోటి, లాగర్ రోజుకో ఫైల్ ఇస్తుంటే ఆ రోజు కూడా యూటీసీదే అయి ఉండొచ్చు. అలాంటప్పుడు 15వ తేదీ మొదటి ఐదున్నర గంటలు 14 ఫైల్‌లో ఉంటాయి, రెండు ఫైళ్లూ ఒకే షీట్‌లో కలిపాకే లెక్క తీయండి.

ఇదంతా మన దేశానికి సరిపోతుంది, ఇక్కడ ఏడాదంతా ఒకే తేడా. డాలస్‌లో ఉన్నవాళ్ల టైమ్ కావాలంటే చలికాలం `-6/24`, ఎండాకాలం `-5/24`, అది మారే తేదీలు వేరే పట్టికలో పెట్టుకుని చూడాల్సిందే. అక్కడ `TIME(-6,0,0)` వాడితే #NUM! వస్తుంది, `-6/24` అని భాగహారం రూపంలోనే రాయండి.