షాపు నంబర్ మార్చారా? ముందు పాత నంబర్‌ని వెతకండి
షాపు ఫోన్ నంబర్ మారితే చాలామంది మ్యాప్‌లో మార్చేసి ఊరుకుంటారు. డైరెక్టరీ సైట్లలో మాత్రం పాతదే ఉండిపోతుంది. దాన్ని చూసి ఎవరో మ్యాప్‌లో సవరణ సూచిస్తే, ఒక్కోసారి పాత నంబరే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

అందుకే పాత నంబర్‌ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. ఒకసారి అంకెలన్నీ కలిపి, ఇంకోసారి మధ్యలో ఖాళీ ఇచ్చి, మరోసారి ముందు దేశం కోడ్ చేర్చి చూడండి. దొరికిన ప్రతి పేజీలోనూ మార్పించండి.

బిల్లు మీది నంబర్ ఇలా వెతికితే దొరకదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో మార్చి, ఒక బిల్లు ప్రింట్ తీసి, దాని మీదున్న నంబర్‌కే ఫోన్ చేసి చూడండి. మిగిలిన పాత బిల్లు పుస్తకాలు అయిపోయేదాకా పాత నంబర్‌కి వచ్చే కాల్స్ కొత్తదానికి ఫార్వర్డ్ అయ్యేలా పెట్టుకోండి.