ఈ వాన ఏ కార్తెలో పడింది? ఎక్సెల్‌లో తేదీని సరైన వరుసకు చేర్చడం ఎలా

అనంతపురం జిల్లాలో వర్షాధారంగా శెనక్కాయ వేసేవాళ్లకు నెలల లెక్క కంటే కార్తెల లెక్కే దగ్గర. మృగశిరలో పదునైందా, ఆరుద్రలో విత్తనం పడిందా, పునర్వసు దాకా ఆగాల్సి వచ్చిందా అని అడుగుతారే గానీ, జూన్ మూడో వారంలో ఎంత పడిందని ఎవరూ అడగరు. నేను చాలా ఏళ్లుగా మా ఊరి వాన లెక్క ఎక్సెల్‌లో రాస్తున్నాను. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు కూడా తమ షీట్లు నాకు పంపుతుంటారు. దాదాపు అన్నిట్లో ఒకే తప్పు ఉంటుంది. ఆగస్టు చివర పడిన వాన పుష్యమి ఖాతాలో చేరిపోతుంది. ఫార్ములా ఎక్కడా ఎర్రర్ చూపించదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఆ మొత్తం చూసి పుష్యమిలో బాగా పడిందనుకుంటే, వచ్చే ఏడు విత్తనం వేసే రోజు తప్పుతుంది.

ముందు కార్తెల పట్టిక తయారు చేసుకోండి. షీట్‌కు `Karte` అని పేరు పెట్టి A లో మొదలు, B లో ముగింపు, C లో కార్తె పేరు రాయండి. మొదటి వరుస శీర్షికలకు, రెండో వరుస నుంచి తేదీలు. నా పట్టికలో ఆరు కార్తెలే ఉంటాయి. ఖరీఫ్ విత్తనానికి నాలుగు, రబీ చూపుకు రెండు. నాకు అవసరం లేనివి నేను రాయను.

```
08-06-2025   21-06-2025   మృగశిర
22-06-2025   05-07-2025   ఆరుద్ర
06-07-2025   19-07-2025   పునర్వసు
20-07-2025   02-08-2025   పుష్యమి
27-09-2025   10-10-2025   హస్త
11-10-2025   23-10-2025   చిత్త
```

సూర్యుడు నక్షత్రం మారే రోజు ఏడాదికి ఒక రోజు అటూ ఇటూ అవుతుంది. కాబట్టి తేదీలు మీ ఇంట్లో ఉన్న పంచాంగం చూసి వేసుకోండి.

రెండో షీట్‌లో A లో వాన తేదీ, B లో మిల్లీమీటర్లు. C లో కార్తె రావాలి.

ఇక్కడే అందరూ దారి తప్పుతారు. కొందరు IF లోపల IF, దాని లోపల ఇంకో IF పెట్టి మూరెడు ఫార్ములా రాస్తారు. వచ్చే ఏడు తేదీలు మారితే దాన్నంతా మళ్లీ తవ్వాలి. అందుకే నేను దాన్ని ఒప్పుకోను. తేదీలు పట్టికలోనే ఉండాలి, ఫార్ములాలో ఉండకూడదు. ఇంకొందరు తెలివిగా చిన్న ఫార్ములా రాస్తారు:

```
=LOOKUP(A2,Karte!$A$2:$A$7,Karte!$C$2:$C$7)
```

ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఇది మొదలు తేదీలను మాత్రమే చూస్తుంది. వాన పడిన రోజుకు ముందు ఆఖరున మొదలైన కార్తె ఏదో వెతికి ఆ పేరు ఇచ్చేస్తుంది. ముగింపు తేదీని అడగనే అడగదు. 27 కార్తెలూ ఖాళీ లేకుండా వరుసగా రాసుకుంటే దీనితో పని నడుస్తుంది, ఎందుకంటే ఒకటి ముగిసిన మరునాడే ఇంకొకటి మొదలవుతుంది. మన పట్టికలో మాత్రం ఆగస్టు 2 తర్వాత సెప్టెంబర్ 27 దాకా ఏమీ లేదు. ఆగస్టు 25న వాన పడితే ఆ రోజుకు ముందు ఆఖరున మొదలైంది పుష్యమే. కాబట్టి పుష్యమి అని వస్తుంది. మన జిల్లాలో సెప్టెంబర్‌లోనే వాన ఎక్కువ. ఆ నెల 26 దాకా పడిన వానంతా ఇలా పుష్యమిలో కలిస్తే మొత్తం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తేదీ ఒక వరుసకు చెందాలంటే రెండు మాటలూ నిజం కావాలి. మొదలు ఆ తేదీకి ముందో, అదే రోజో కావాలి. ముగింపు ఆ తేదీ తర్వాతో, అదే రోజో కావాలి. ఆ రెండూ అడిగే ఫార్ములా ఇది, C2 లో వేసి కిందికి లాగండి:

```
=IFERROR(LOOKUP(2,1/((Karte!$A$2:$A$7<=INT(A2))*(Karte!$B$2:$B$7>=INT(A2))),Karte!$C$2:$C$7),"కార్తె లేదు")
```

చూడ్డానికి భయపెడుతుంది గానీ లోపల జరిగేది చిన్న పనే. ప్రతి వరుసకూ రెండు ప్రశ్నలు వేసి జవాబులను గుణిస్తుంది. రెండూ అవునైతే 1, ఒక్కటి కాదన్నా 0. తర్వాత 1ని దానితో భాగిస్తుంది. సరిపోయిన వరుసలో 1 మిగులుతుంది, మిగతా వాటిలో సున్నాతో భాగించిన ఎర్రర్ వస్తుంది. LOOKUP ఎర్రర్లను పట్టించుకోదు. 2 కోసం వెతుకుతూ, దొరక్క, చివర కనిపించిన 1 దగ్గర ఆగి ఆ వరుస పేరు ఇస్తుంది. ఒక్క వరుసా సరిపోకపోతే IFERROR వల్ల "కార్తె లేదు" అని వస్తుంది.

కొత్త ఎక్సెల్‌లో XLOOKUP ఉంది, దానితోనూ ఇదే చేయొచ్చు. నేను LOOKUP నే వాడతాను, ఎందుకంటే ఊళ్లో నెట్ సెంటర్‌లో ఉన్న పాత ఎక్సెల్‌లోనూ అది తెరుచుకుంటుంది. ఫోన్‌లో గూగుల్ షీట్స్ వాడేవాళ్లు మాత్రం ఇది రాసుకోండి. సరిపోయే వరుస లేకపోతే ఇది `#N/A` చూపిస్తుంది:

```
=FILTER(Karte!$C$2:$C$7,Karte!$A$2:$A$7<=INT(A2),Karte!$B$2:$B$7>=INT(A2))
```

ఇప్పుడు హద్దు రోజుల సంగతి. దయచేసి ఇక్కడ తొందరపడకండి.

`<=` లోనూ `>=` లోనూ సమానం గుర్తు ఉండాలి. మొదటి దానిలో మర్చిపోతే జూన్ 22న పడిన వానకు ఆరుద్ర రాదు. రెండో దానిలో మర్చిపోతే ఆగస్టు 2 వాన పుష్యమిలో నుంచి జారిపోతుంది. ఇంకో పొరపాటు పట్టికలోనే జరుగుతుంది. మృగశిర ముగింపు జూన్ 22 అనీ, ఆరుద్ర మొదలు కూడా జూన్ 22 అనీ రాస్తారు. అప్పుడు ఆ ఒక్క రోజు రెండు వరుసలకూ చెందుతుంది. నా ఫార్ములా కింది వరుసను ఎంచుకుంటుంది, XLOOKUP అయితే పై వరుసను ఎంచుకుంటుంది. ఏది వచ్చినా మీరు తేల్చింది కాదు. ముగింపు ఎప్పుడూ తర్వాతి మొదలుకు ముందు రోజే కావాలి. `Karte` షీట్‌లో D3 లో `=A3-B2` అని వేసి కిందికి లాగితే తేలిపోతుంది. 1 వస్తే వరుస సరిగ్గా అతుకుతోంది. 0 గానీ అంతకంటే తక్కువ గానీ వస్తే రెండు కార్తెలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఎక్కువ వస్తే మధ్యలో ఖాళీ ఉంది. మన పట్టికలో హస్త దగ్గర 56 వస్తుంది, అంటే 55 రోజుల ఖాళీ. మనం కావాలని వదిలిందే కాబట్టి పర్వాలేదు.

INT ఎందుకంటే, ఎక్సెల్‌కు తేదీ అంటే ఒక అంకె, గంటలు ఆ అంకె పక్కన దశాంశం. ముగింపు గడిలో ఆగస్టు 2 అంటే అర్ధరాత్రి ఆ రోజు మొదలైన క్షణం. మీరు వాన తేదీ పక్కన సాయంత్రం 6:30 అని కూడా రాస్తే అది ముగింపును దాటిపోయినట్టే లెక్క. ఆఖరి రోజు వాన మాత్రమే మాయమవుతుంటే ముందు దీన్నే అనుమానించండి. INT ఆ దశాంశాన్ని కోసేస్తుంది.

వాతావరణ శాఖ లెక్కతో మీది పోల్చేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. వాళ్లు ఉదయం 8:30కి కొలుస్తారు. అంతకు ముందు 24 గంటల్లో పడిన వాన ఆ ఉదయం తేదీతో నమోదవుతుంది. జూన్ 21 రాత్రి పడింది వాళ్ల లెక్కలో జూన్ 22, అంటే ఆరుద్ర. మీరు పడిన రాత్రి తేదీ రాస్తే మృగశిర. నేను వాళ్ల పద్ధతే పాటిస్తాను. షీట్ మొదట్లో ఏ పద్ధతో ఒక వాక్యం రాసి పెట్టుకోవాలి.

తేదీలు నిజంగా తేదీలేనా అన్నది చివరి చిక్కు. కంప్యూటర్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే మీరు 22-06-2025 అని కొట్టింది తేదీ కాదు, ఉత్త రాతగా ఉండిపోతుంది, ఎందుకంటే వాళ్ల లెక్కలో 22వ నెల లేదు. 08-06-2025 అయితే ఇంకా ఘోరం, నోరు మెదపకుండా ఆగస్టు 6 అయిపోతుంది. రాతగా మిగిలిన వాన తేదీకి "కార్తె లేదు" వస్తుంది, కాబట్టి అది ఖాళీ రోజులతో కలిసిపోయి కనిపించదు. ముగింపు తేదీ రాతగా ఉంటే ఇంకో తంటా. ఎక్సెల్ పోలికలో రాత ఎప్పుడూ అంకె కంటే పెద్దది. అంటే ఆ కార్తె ముగియదు, తర్వాత ఏ కార్తెకూ చెందని రోజులన్నీ అందులోకే వస్తాయి. ఇంత కష్టపడీ మళ్లీ మొదటి తప్పు దగ్గరికే చేరతాం.

```
=COUNTA(A2:A200)-COUNT(A2:A200)
```

ప్రతి తేదీ నిలువు వరుసకూ దీన్ని వేసి చూడండి. 0 రావాలి. నెల, రోజు తారుమారైన వాటిని ఇది పట్టుకోలేదు. వాటికోసం తేదీలను `dd-mmm-yyyy` రూపంలోకి మార్చి నెల పేర్లు కళ్లతో చదవండి. తారుమారైతే విండోస్‌లో రీజియన్‌ను `English (India)` కు మార్చి తేదీలు మళ్లీ కొట్టడమే నయం. సగం మారినవీ సగం మారనివీ కలిసిన వరుసను బాగుచేయబోయి ఇంకా పాడుచేసిన వాళ్లను చూశాను.

అయ్యాక ఐదు తేదీలతో పరీక్షించండి. అంకెలు ఉదాహరణకు వేసినవి.

```
21-06-2025   18   మృగశిర
22-06-2025   32   ఆరుద్ర
02-08-2025   11   పుష్యమి
25-08-2025   46   కార్తె లేదు
27-09-2025   24   హస్త
```

మొదలు రోజు, ముగింపు రోజు, ఖాళీలోని రోజు మూడూ ఇందులో ఉన్నాయి. కార్తె మధ్య తేదీలతో పరీక్షిస్తే ఏ తప్పూ బయటపడదు. ఇప్పుడు పుష్యమి మొత్తం తీయండి:

```
=SUMIFS(B2:B6,C2:C6,"పుష్యమి")
```

11 వస్తుంది. చిన్న LOOKUP తో అయితే 57 వచ్చేది. 11 మిల్లీమీటర్ల వానకు మా ఎర్రనేలలో ఎవరూ విత్తనం వేయరు. "కార్తె లేదు" కింద పడ్డ 46ను మాత్రం తుడిచేయకండి. దాని మొత్తం కూడా పక్కన చూపించండి. కార్తెల మొత్తాలూ అదీ కలిపితే B నిలువు వరుస మొత్తం, ఇక్కడ 131, రావాలి. రాకపోతే C లో ఏదో గడి ఫార్ములా లేకుండా మిగిలింది, లేదా ఎవరో పేరు చేత్తో కొట్టారు.