ఫోన్ మోగకుండానే మిస్డ్ కాల్స్ పడుతున్నాయా? వాచీ ఎక్కడుందో చూడండి

మా పక్కింటి టీచర్‌గారు రెండు వారాలుగా ఒకటే టెన్షన్. సాయంత్రం కింది గదిలో ట్యూషన్ చెప్తుంటే పిల్లల తల్లిదండ్రులు ఫోన్ చేస్తారు, ఫోన్ బల్ల మీదే ఉంటుంది, సైలెంట్‌లో లేదు, అయినా చప్పుడు ఉండదు, తర్వాత చూస్తే ఆరేడు మిస్డ్ కాల్స్. ఎప్పుడైనా చూసి ఎత్తినా అవతలి మాట వినపడదు. సిమ్ కూడా మార్చేశారు పాపం.

నాకు అనుమానం వచ్చింది ఎక్కడంటే, స్కూల్లో ఉన్నప్పుడు మాత్రం ఫోన్ చక్కగా మోగుతోంది. పైకెళ్లి చూస్తే వాళ్ల స్మార్ట్‌వాచ్ బీరువాలో చీరల మధ్య ఉంది, నేను కాల్ చేయగానే అక్కడ సన్నగా మోగింది! కాల్స్ మాట్లాడే వాచీని ఫోన్ బ్లూటూత్ హెడ్‌సెట్‌లాగే చూస్తుంది. దాదాపు పది మీటర్ల లోపల ఉంటే తనంతట తానే కలుస్తుంది, మాట అటు పోతుంది, కొన్ని ఫోన్లలో రింగ్ కూడా అటే పోతుంది. స్కూలు దూరం కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు.

కాల్ మధ్యలో అయితే స్క్రీన్ మీద స్పీకర్ గుర్తు నొక్కి వాచీ పేరు బదులు ఫోన్ ఎంచుకోండి. శాశ్వతంగా కావాలంటే బ్లూటూత్ సెట్టింగ్స్‌లో వాచీ పేరు పక్కనున్న చక్రం గుర్తు నొక్కి కాల్స్ ఆఫ్ చేయండి. ఇక వాచీలో మాట్లాడటం కుదరదు, మెసేజ్‌లు, అడుగుల లెక్క మామూలుగానే వస్తాయి. కొన్ని వాచీలు బ్లూటూత్‌లో రెండు పేర్లతో కనిపిస్తాయి, రెండూ చూడండి.