గల్లీల లెక్క – నాలుగో పాఠం: తవ్విన రోడ్డు

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. నల్లగొండ బయట మిర్యాలగూడ వైపు వేసే వెంచర్ లాంటిది ఒకటి అనుకోండి. నిలువు గల్లీలు అయిదు, అడ్డ గల్లీలు నాలుగు. గేటు కింద ఎడమ మూలన, నీళ్ళ ట్యాంకు పైన కుడి మూలన. గేటు నుంచి ట్యాంకుకి దగ్గరి దారులు ఎన్ని? జవాబు 35. నాకు వచ్చిన జవాబుల్లో ఎక్కువ 126, తర్వాత 20. ముప్పై అయిదు రాసినవాళ్ళు తక్కువ. అందుకని ఈసారి కొత్త విషయంలోకి పోయే ముందు ఆ 126 సంగతి తేల్చాలి. అది తేలకపోతే తవ్విన రోడ్డు లెక్క అస్సలు కుదరదు.

126 ఎట్లా వచ్చిందో నాకు తెలుసు. అయిదు గల్లీలు, నాలుగు గల్లీలు కలిపి తొమ్మిది అనుకున్నారు. పైన 1 పెట్టి, పక్కపక్క అంకెలు రెండేసి కూడి కింది వరుసలో రాస్తూ పోయే పాస్కల్ త్రిభుజంలో తొమ్మిదో వరుసకి పోయి అక్కడి 126 తెచ్చారు. కూడిక తప్పలేదు, త్రిభుజం తప్పలేదు. లెక్కపెట్టిన వస్తువే తప్పు. మనం నడిచేది గల్లీలను కాదు, చౌరస్తాకీ చౌరస్తాకీ మధ్య ఉన్న ముక్కలను.

బత్తాయి తోట ఉన్నవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. ఒక సాలులో అయిదు చెట్లుంటే వాటి మధ్య ఎడాలు నాలుగే. మొదటి చెట్టు దగ్గర నిలబడి చివరి చెట్టు దాకా నడిస్తే నాలుగు ఎడాలు దాటుతారు, అయిదు కాదు. చేను ఒక పక్కన వరసగా కడీలు పాతించినవాళ్ళనైనా అడగండి, అయిదు కడీల మధ్య తీగ లాగేది నాలుగు ఎడాల్లోనే. నిలువు గల్లీలు అయిదుంటే తూర్పుకి నడవాల్సిన ముక్కలు నాలుగు. అడ్డ గల్లీలు నాలుగుంటే ఉత్తరానికి నడవాల్సిన ముక్కలు మూడు. మొత్తం ఏడు ముక్కలు. ఏ దగ్గరి దారిలో పోయినా ఏడే. కాబట్టి చూడాల్సింది ఏడో వరుస, అందులో 35.

మళ్ళీ ఒకసారి చెప్తున్నాను, ఎందుకంటే ఇది ప్రతి బ్యాచ్‌లోనూ జరుగుతోంది. ప్రశ్నలో "గల్లీలు" అని ఉంటే ఒకటి తీసెయ్యాలి. "ముక్కలు" అనో "బ్లాకులు" అనో ఉంటే తీయకూడదు. అనుమానం వస్తే బొమ్మ గీసి, మూల నుంచి మూల దాకా వేలు పెట్టి ఎన్ని ముక్కలు దాటారో చూడండి. వేలు అబద్ధం చెప్పదు.

20 రాసినవాళ్ళు ముక్కలు ఏడని సరిగ్గానే పట్టుకున్నారు. కానీ త్రిభుజం కొసన ఉన్న ఒంటరి 1ని మొదటి వరుసగా లెక్కపెట్టారు. అది సున్నా వరుస, అంటే ఇంకా గేటు దగ్గరే నిలబడ్డాం, ఒక్క ముక్క కూడా నడవలేదు.

నా మటుకు నేను త్రిభుజంలో వరుసలు వెతకను, ఫ్యాక్టోరియళ్ళూ వేయను. బొమ్మ మీదే ప్రతి చౌరస్తా దగ్గర అంకె రాసుకుంటూ పోతాను. ఎడమ చౌరస్తా అంకె, కింది చౌరస్తా అంకె, రెండూ కూడితే ఈ చౌరస్తా అంకె. త్రిభుజాన్ని పక్కకి ఒరిగించి గల్లీల మీద పరిచినట్టే అది.

```
1   4  10  20  35
1   3   6  10  15
1   2   3   4   5
1   1   1   1   1
```

కింద ఎడమ 1 గేటు, పైన కుడి 35 ట్యాంకు. ఇట్లా రాసుకునే అలవాటు ఎందుకు చేసుకోమంటున్నానో ఇప్పుడు తెలుస్తుంది.

మొన్న సాయంత్రం మా అక్క కొడుకుని తీసుకుని నిజంగానే ఒక వెంచర్‌కి పోయాను. ఇళ్ళు ఇంకా లేవలేదు, మట్టి రోడ్లు, మూలమూలకీ తెల్ల సున్నం పూసిన హద్దు రాళ్ళు. వాడి చేతికి ఎర్ర సుద్దముక్క ఇచ్చి ఒక్కో చౌరస్తా రాయి మీద అంకె రాయమన్నాను. మొదటి అడ్డ గల్లీ పొడుగునా ఒకట్లు రాసి వెనక్కి వచ్చాడు. రెండో అడ్డ గల్లీలో 1, 2, 3 రాశాక ఆగిపోయాడు. అక్కడ పైపు కోసం రోడ్డుని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తవ్వి పెట్టారు. మూడో నిలువు గల్లీకీ నాలుగో నిలువు గల్లీకీ మధ్య ఉన్న ముక్క అది. మట్టి కుప్ప నా మోకాలి దాకా ఉంది.

చుట్టూ తిరిగి అవతలి రాయి దగ్గరికి పోయి, "మామా, ఇక్కడ నాలుగు రాయాల్నా?" అన్నాడు.

"ఆ రాయి దగ్గరికి ఎటు నుంచి రావచ్చు?"

కాసేపు చూసి, "ఎడమ దిక్కు తవ్విన్రు. కింది దిక్కు నుంచే. అట్లయితే ఒకటే కద మామా" అన్నాడు.

అంతే. ఈ పాఠం మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. రోడ్డు మూసుకుంటే కూడిక సూత్రం మారదు, మూసిన వైపు నుంచి వచ్చే అంకెని కూడం, అంతే. మిగతావన్నీ ఎప్పట్లాగే. వాడు రాసుకుంటూ పోతే రాళ్ళ మీద చివరికి ఇవి మిగిలాయి:

```
1   4  10  17  26
1   3   6   7   9
1   2   3   1   2
1   1   1   1   1
```

రెండో అడ్డ గల్లీలో 3 తర్వాత 4కి బదులు 1 వచ్చింది చూడండి. ఆ పక్కన 5కి బదులు 2. మార్పు అక్కడ పుట్టి, కుడికీ పైకీ మాత్రమే పాకింది. ఎడమ వైపు మూడు నిలువు గల్లీల అంకెలు కదలలేదు. మీ బొమ్మలో తవ్విన చోటుకి ఎడమనో కిందనో ఉన్న అంకె మారిందంటే ఎక్కడో తప్పు చేశారన్నమాట. పాస్కల్ ఏడో వరుసలో 26 ఎక్కడా దొరకదు, వెతక్కండి. రోడ్డు మూసుకున్నాక త్రిభుజంలోని అంకెలు పనికిరావు, త్రిభుజాన్ని కట్టిన కూడిక మాత్రం పనికొస్తుంది.

ఇదే జవాబుకి తీసివేత దారి కూడా ఉంది. తవ్విన ముక్క మీదుగా పోయే దారులు ఎన్నో లెక్కపెట్టి 35లోంచి తీసేయడం. చాలామంది తవ్విన ముక్క మొదటి చౌరస్తా దగ్గర 3 ఉంది కదా అని 35లోంచి 3 తీసి 32 అంటారు. ఆ 3 అక్కడిదాకా వచ్చే దారులు మాత్రమే. ముక్క దాటాక ట్యాంకుకి పోవడానికి ఒక తూర్పు ముక్క, రెండు ఉత్తరం ముక్కలు మిగిలాయి, వాటికి మళ్ళీ 3 దారులు. వచ్చిన ఒక్కో దారికీ పోయే మూడు దారులు, అంటే 3 × 3 = 9. 35 – 9 = 26. రాళ్ళ మీది అంకెతో కలిసింది.

తవ్విన చోటుకి వచ్చే ఆ మూడు దారులు ఏవో తెలుగు క్లాసులో ఛందస్సు చదివినవాళ్ళకి ముందే తెలుసు. తూర్పుకి ఒక ముక్క నడిస్తే గురువు, ఉత్తరానికి ఒక ముక్క నడిస్తే లఘువు అనుకోండి. ఆ చౌరస్తాకి రావాలంటే రెండు గురువులు, ఒక లఘువు కావాలి. తగణం, రగణం, యగణం, ఈ మూడే. రెండు లఘువులు, ఒక గురువు అయితే భ, జ, స, అవీ మూడే. అన్నీ గురువులైన మగణం ఒకటి, అన్నీ లఘువులైన నగణం ఒకటి. 1, 3, 3, 1. త్రిభుజంలో మూడో వరుస అదే. పాస్కల్ తన గ్రంథం రాసింది 1654లో, అచ్చయింది ఆయన పోయాక 1665లో. పింగళుడి ఛందశ్శాస్త్రానికి పదో శతాబ్దంలో వ్యాఖ్య రాసిన హలాయుధుడు ఇదే త్రిభుజాన్ని మేరు ప్రస్తారం పేరుతో వివరించాడు. ఆయన లెక్కపెట్టినవి గురులఘువులు, మనం లెక్కపెడుతున్నవి గల్లీ ముక్కలు.

ఇక ముక్క కాకుండా చౌరస్తానే మూసేస్తే? అది వేరే లెక్క, కలపకండి. పైన తవ్విన ముక్క మొదలయ్యే చౌరస్తా మధ్యలోనే పెద్ద గుంత పడిందనుకుందాం. ముక్క మూస్తే ఆ చౌరస్తా నుంచి ఉత్తరానికి ఇంకా పోవచ్చు. చౌరస్తా మూస్తే ఎటూ పోలేం. అక్కడ 3 కొట్టేసి 0 రాసి మిగతాది కూడుతూ పోండి, ట్యాంకు దగ్గర 17 వస్తుంది. తీసివేత దారిలో చూసినా, చౌరస్తాకి 3 దారులు, అక్కడి నుంచి ట్యాంకుకి 6, మూడార్ల 18, 35లోంచి పోగా 17.

సరిచూసుకోవడానికి నేను నమ్మేది ఒకే పద్ధతి. ట్యాంకు దగ్గర 1 రాసి వెనక్కి రండి. ఈసారి కుడి చౌరస్తా, పై చౌరస్తా కూడాలి. ముక్క తవ్విన లెక్కలో రెండో అడ్డ గల్లీ మీద ఎడమ నుంచి 12, 7, 3, 3, 1 వస్తాయి, గేటు దగ్గర 26 తేలుతుంది. ముందుకు ఒకటి, వెనక్కి ఒకటి వచ్చిందంటే తవ్విన ముక్కని రెండింట్లో ఒకసారి మర్చిపోయారు. నా అనుభవంలో తొంభై పాళ్ళు అదే.

ఒక హద్దు కూడా గుర్తుంచుకోండి. ఈ పద్ధతి ఏడు ముక్కల దారులనే లెక్కపెడుతుంది. చాలాచోట్ల తవ్వేసి ట్యాంకు దగ్గర 0 వచ్చిందంటే ట్యాంకుకి దారే లేదని కాదు, వెనక్కి తిరగకుండా పోయే దారి లేదని. చుట్టూ తిరిగి తొమ్మిది ముక్కల్లో చేరే దారి ఉండొచ్చు. దాన్ని ఈ కూడిక పట్టుకోలేదు.

అభ్యాసం ఒక్కటే ఇస్తాను, కానీ తీరిగ్గా కూర్చుని చేయాలి. అదే వెంచర్. మనం చూసిన ముక్క తవ్వే ఉంది. దానికి తోడు నాలుగో నిలువు గల్లీలో, రెండో అడ్డ గల్లీకీ మూడో అడ్డ గల్లీకీ మధ్య ముక్క కూడా తవ్వారు. దారులెన్ని? ముందు అంకెలు రాసి చేయండి, తర్వాత వెనక్కి వచ్చి చేయండి, చివరికి తీసివేతతో చేయండి. తీసివేతలో 18 వచ్చిందంటే రెండు తవ్వకాల మీదుగానూ పోయే దారుల్ని రెండుసార్లు తీసేశారు. అవి ఎన్నో కనుక్కుని, తగణం, రగణం, యగణం దగ్గర మొదలుపెట్టి, ఒక్కో దారినీ గురులఘువుల్లో ఏడక్షరాలుగా రాసి పంపండి.