ఒక్క ఫ్యూజు వేయగానే గర్జించిన ట్రాన్స్‌ఫార్మర్

11 కేవీ స్తంభం నుంచి 800 మీటర్ల భూగర్భ కేబుల్, దాని చివర 500 కేవీఏ డెల్టా-స్టార్ ట్రాన్స్‌ఫార్మర్. లోడు ఇంకా కలపలేదు. స్తంభం మీద మొదటి డ్రాపౌట్ ఫ్యూజు వేయగానే ట్రాన్స్‌ఫార్మర్ మామూలు హమ్‌కు బదులు పెద్దగా గర్జించింది. ఒక సర్జ్ అరెస్టర్ పగిలింది.

అసలు గుట్టు ఎల్‌టీ మీటరు చెప్పింది. ఒక్క ఫేజే వచ్చినప్పుడు డెల్టాలో కరెంటుకు తిరుగుదారి ఉండకూడదు, ఎల్‌టీ వోల్టేజీ సున్నాకు దగ్గరగా ఉండాలి. మీటరు మాత్రం 300 దాటి ఎగిరెగిరిపడుతోంది! తెరిచి ఉన్న ఫేజుల కేబుల్‌కూ భూమికీ మధ్య ఉన్న కెపాసిటెన్సే ఆ తిరుగుదారి. అది వైండింగుతో సిరీస్‌లో పడి, కోర్ సంతృప్తమై, వోల్టేజీ అదుపు తప్పి ఊగిసలాడే ఫెర్రోరెజొనెన్స్ మొదలైంది. కేబుల్ పొడవు పెరిగేకొద్దీ కెపాసిటెన్స్ పెరుగుతుంది. లోడు లేకపోతే ఈ ఊగిసలాటను అణచే నిరోధమూ ఉండదు.

తాత్కాలికంగా ఎల్‌టీ వైపు మూడు ఫేజులకూ సమానంగా 30 కిలోవాట్ల హీటర్లు కలిపి ఫ్యూజులు వేశాం. గర్జన రాలేదు. తర్వాత స్తంభం దగ్గర మూడు ఫేజులూ ఒకేసారి కలిసే లోడ్ బ్రేక్ స్విచ్ పెట్టించాను. అదొక్కటే చాలదు: నడుస్తుండగా ఒక ఫ్యూజు పోయినా అదే పరిస్థితి వస్తుంది. అందుకే ఏ ఫ్యూజు పోయినా స్ట్రైకర్ పిన్ మూడు పోల్‌లనూ ట్రిప్ చేసే రకమే కావాలని పట్టుబట్టాను.