ఇల్లు పిల్లలకి రాయడం, మూడో పాఠం: గిఫ్ట్ రాసేశాక వెనక్కి తీసుకోగలమా?

పోయిన పాఠంలో గిఫ్ట్ డీడ్‌కీ వీలునామాకీ తేడా చెప్పాక వచ్చిన మెసేజ్‌లు చూస్తే చాలామంది ఒక్కచోటే తడబడ్డారని అర్థమైంది. "సరే అండీ, ఇప్పుడు గిఫ్ట్ రాసేస్తాం, పిల్లలు చూడకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకెళ్లి క్యాన్సిల్ చేసేసుకుంటాం" అని. అలా కుదరదు. అందుకే ఈరోజు అనుకున్న మ్యుటేషన్, అంటే రికార్డుల్లో యజమాని పేరు మార్పించుకునే సంగతి, పక్కనపెట్టి మొత్తం దీని గురించే చెప్తాను.

ముందు ట్యాక్స్ తేల్చేద్దాం, ఎందుకంటే దాంట్లో పెద్ద తేడా లేదు. తల్లిదండ్రుల నుంచి ఇల్లు గిఫ్ట్‌గా వచ్చినా వీలునామాతో వచ్చినా పిల్లలకి ఆ విలువ మీద ఇన్‌కమ్ ట్యాక్స్ పడదు. తర్వాత వాళ్లు అమ్మితే లాభం లెక్క కట్టేది మీరు కొన్న ధర నుంచే, 2001కి ముందు కొన్నదైతే 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, రెండు దారుల్లోనూ ఇదే లెక్క. డబ్బు తేడా వచ్చేది స్టాంపు డ్యూటీలో. గిఫ్ట్‌కి ప్రభుత్వ మార్కెట్ విలువ మీద డ్యూటీ కట్టాలి, రిజిస్ట్రేషన్ తప్పనిసరి. వీలునామాకి స్టాంపు డ్యూటీ లేదు, తెల్లకాగితం మీద రాసి ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించినా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ మీ ఇష్టం. నేనైతే చేయించమనే చెప్తాను.

ఇప్పుడు అసలు విషయం. విశాఖ గోపాలపట్నంలో జీ ప్లస్ వన్ ఇల్లు, స్టీల్ ప్లాంట్‌లో రిటైర్ అయిన 68 ఏళ్ల తండ్రి, కింద ఆయనా భార్యా, పైన అమ్మాయి కుటుంబం, అబ్బాయి బెంగళూరులో, ఇలా అనుకోండి. ఇల్లు ఆయన స్వార్జితం, అమ్మాయికి గిఫ్ట్ రాద్దామనుకున్నారు. దస్తావేజు రైటర్ దగ్గర రెడీగా ఉండే నమూనాలో ఏముంటుంది? "నా కుమార్తె మీద ఉన్న ప్రేమాభిమానాలతో ఈ ఆస్తిని దానంగా ఇచ్చి నేటి నుంచి సర్వహక్కులు నీకు సంక్రమింపజేశాను", అంతే. సంతకాలు, వేలిముద్రలు, అమ్మాయి అంగీకారం, రిజిస్టర్ అయిపోయింది. రెండేళ్ల తర్వాత గొడవొచ్చి ఆయనొక్కడే రద్దు దస్తావేజు రాసుకున్నా దాంతో ఇల్లు వెనక్కి రాదు. రేణికుంట్ల రాజమ్మ కేసులో 2014లో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. బతికున్నంత కాలం ఇంట్లో ఉండే హక్కు, అద్దె తీసుకునే హక్కు తనకే ఉంచుకుని గిఫ్ట్ రాసిన ఆవిడ తర్వాత రద్దు చేస్తే, ఆ గిఫ్ట్ చెల్లుతుంది, రద్దే చెల్లదు అంది.

కొంతమంది తెలివిగా "నాకు ఇష్టం వచ్చినప్పుడు రద్దు చేసుకునే హక్కు నాకు ఉంది" అని రాయిస్తారు, ఇది చూస్తే నాకు నిజంగా కోపమొస్తుంది, ఎందుకంటే ఆస్తి బదలాయింపు చట్టం 126వ సెక్షన్ ప్రకారం ఇచ్చినవాళ్ల ఇష్టం మీదే రద్దయ్యే గిఫ్ట్ ఆ మేరకు చెల్లదు. రాసి కూడా ఉపయోగం లేదు, పైగా తర్వాత కోర్టులో గందరగోళం.

మరి దారి ఏది? 60 ఏళ్లు దాటినవాళ్లకి 2007 సీనియర్ సిటిజన్ల చట్టం 23వ సెక్షన్ ఉంది. తిండీ, మందులూ, ఉండే చోటూ చూసుకోవాలన్న షరతు మీద ఇచ్చి, వాళ్లు చూడకపోతే, ట్రిబ్యునల్‌కి అర్జీ పెట్టి ఆ గిఫ్ట్‌ని రద్దు చేయించుకోవచ్చు. మన దగ్గర ట్రిబ్యునల్ అంటే ఆర్డీవో. కానీ షరతు ఉండాలి, ప్రేమాభిమానాలు అన్న మాట షరతు కాదు. 2022లో సుదేశ్ ఛికారా కేసులో షరతు ఉందని నిరూపించలేదని సుప్రీంకోర్టు తల్లికి సాయం చేయలేకపోయింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో తల్లి గెలిచింది, అక్కడ కొడుకు చివరిదాకా చూసుకుంటానని విడిగా కాగితం రాసిచ్చాడు. విడి కాగితాలు పోతుంటాయి, దస్తావేజులోనే రాయించండి.

గోపాలపట్నం ఆయనకి నేనైతే ఇలా రాయిస్తాను: "నాకూ నా భార్యకూ జీవితాంతం కింద పోర్షన్‌లో నివాసం, భోజనం, వైద్యం నా కుమార్తె చూసుకోవాలన్న షరతుపై ఈ దానం ఇస్తున్నాను, షరతు తప్పితే ఈ దానం రద్దు చేయించుకునే హక్కు నాకుంది." ఇది "ఇష్టం వచ్చినప్పుడు" లాంటిది కాదు, షరతు తప్పడం ఆయన చేతిలో లేని విషయం.

ఇంత జాగ్రత్త ఎందుకు అనిపిస్తే వీలునామా రాయండి. బతికున్నంత కాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, రిజిస్టర్ చేసినదాన్ని కూడా తర్వాత రాసిన ఇంకో వీలునామా కొట్టేస్తుంది. దీంట్లో చిక్కు మీరు పోయాక వస్తుంది, బెంగళూరు అబ్బాయి ఆ సంతకం నాన్నది కాదంటే కనీసం ఒక సాక్షి కోర్టుకొచ్చి చెప్పాలి. కాబట్టి మీ వయసు స్నేహితుల్ని కాకుండా మీకంటే చిన్నవాళ్లని, ఊళ్లోనే ఉండేవాళ్లని సాక్షులుగా పెట్టుకోండి. ఇల్లు తప్ప వేరే ఆసరా లేనివాళ్లకి నా సలహా వీలునామానే.

అభ్యాసం: ఇప్పటికే గిఫ్ట్ రాసినవాళ్లు దస్తావేజు తీసి, చూసుకోవాలన్న షరతు వాక్యం ఎక్కడుందో వెతికి అండర్‌లైన్ చేయండి. రాయబోయేవాళ్లు పైన నేనిచ్చిన వాక్యాన్ని మీ ఇంటికి తగ్గట్టు, ఎవరు, ఏ పోర్షన్, ఏమేం చూసుకోవాలి అన్నీ పెట్టి తిరిగి రాయండి, రైటర్ దగ్గరికి అది పట్టుకునే వెళ్లండి. మ్యుటేషన్, జీవీఎంసీ ఇంటి పన్ను పేరు మార్పు వచ్చే పాఠంలో.