సంతకానికి ముందు రోజు: కామా, రెండుసార్లు పడ్డ మాట, అర్థం చెప్పని పదం

కాంట్రాక్టును చివరిసారి చదివేటప్పుడు స్క్రీన్ మీద కాకుండా కాగితం మీద చదవండి, అదీ పైకి గట్టిగా. కామా దగ్గర గొంతు ఎక్కడ ఆగుతోందో మీకే తెలుస్తుంది.

కామా ఎంత పని చేస్తుందో కెనడాలో రోజర్స్, అలియంట్ కంపెనీల మధ్య నడిచిన తగాదా చూపిస్తుంది. స్తంభాలకు కేబుళ్లు తగిలించుకునే ఒప్పందం అది. అందులోని వాక్యం దాదాపు ఇలా ఉంది: "ఒప్పందం 5 ఏళ్లు అమల్లో ఉంటుంది, ఆ తర్వాత 5 ఏళ్ల చొప్పున కొనసాగుతుంది, ఏడాది ముందు నోటీసిచ్చి రద్దు చేస్తే తప్ప." రద్దు హక్కు పొడిగింపులకే అని రోజర్స్ అనుకుంది. చివరి కామా వల్ల ఆ షరతు ముందున్న రెండు భాగాలకూ వర్తిస్తుందని, మొదటి 5 ఏళ్లలోనూ రద్దు చేసుకోవచ్చని అలియంట్ వాదించింది. టెలికాం నియంత్రణ సంస్థ 2006లో అలియంట్ మాటే ఒప్పుకుంది. 2007లో, ఫ్రెంచి ప్రతిలో రద్దు పొడిగింపులకే అని స్పష్టంగా ఉండటం చూసి ఆ నిర్ణయాన్ని మార్చుకుంది. ఇంకో భాషలో ప్రతి లేకపోతే ఏమయ్యేదో!

అందుకే "తప్ప", "అయితే", "షరతుపై" లాంటివి కనబడినప్పుడల్లా ఆగి, ఈ షరతు పక్కనున్న ఒక్క భాగానికా, అన్నిటికీనా అని అడగండి. జవాబు రెండు రకాలుగా వస్తే కామాను జరిపి ఊరుకోవద్దు, వాక్యాన్నే విరగ్గొట్టండి. "మొదటి 5 ఏళ్లలో ఎవరూ రద్దు చేయరాదు. పొడిగింపు కాలంలో మాత్రం ఏడాది ముందు నోటీసిచ్చి రద్దు చేసుకోవచ్చు." ఇక్కడ కామాకు పనే లేదు.

తర్వాత పదాలు. ఇంగ్లిష్ కాంట్రాక్టుల్లో నిర్వచించిన పదం పెద్ద అక్షరంతో మొదలవుతుంది కాబట్టి వెతకడం తేలిక. తెలుగులో ఆ సౌకర్యం లేదు, అందుకని నిర్వచనం ఉన్న పదాల్ని బోల్డ్‌లో పెట్టుకుంటే మంచిది. "పని పూర్తయిన తేదీ నుంచి 15 పని దినాల్లో చెల్లించాలి" అన్న వాక్యం తీసుకోండి. పూర్తయిందని ఎవరు చెప్పాలి? శనివారం పని దినమేనా? నిర్వచనాల్లో జవాబు లేకపోతే రాయించండి. నాలుగో పేజీలో అదే తేదీని "అప్పగింత తేదీ" అంటే, అవి రెండు వేర్వేరు తేదీలని అవతలివాళ్లు వాదించే వీలుంటుంది. ఒక్కో పదాన్నీ సెర్చ్‌లో కొట్టి, వచ్చిన ప్రతిచోటా చూడండి.

రెండుసార్లు పడ్డ మాటలు చాలావరకు చిన్న తప్పులే, లైను మారే చోట దాక్కుంటాయి. "చెల్లించాలి చెల్లించాలి" అని పడితే నష్టం లేదు. ప్రమాదమల్లా దిద్దుబాట్లలో పాతది చెరపడం మర్చిపోయినప్పుడు: "30 45 రోజుల్లో". స్పెల్‌చెక్ దీన్ని పట్టుకోదు, ఎందుకంటే రెండూ సరైన అంకెలే. ఏది ఉంచాలో మీరే ఊహించి చెరిపేయకుండా, ఇరుపక్షాల్నీ అడిగి లిఖితంగా ఖాయం చేసుకోండి.